ముఖ్య అతిథి పరిచయం: విద్యార్థి వ్యాఖ్యాత రెండు నిమిషాల మాటను సిద్ధం చేసుకునే విధానం

పాఠశాల సభలో ముఖ్య అతిథిని పరిచయం చేసే బాధ్యత సాధారణంగా తొమ్మిది, పది తరగతుల్లో గొంతు బాగున్న విద్యార్థికో విద్యార్థినికో అప్పగిస్తారు. సభకు రెండు రోజుల ముందు అతిథి బయోడేటా కాగితం ఒకటి చేతికిచ్చి, "ఇది చదివెయ్యమ్మా" అంటారు. ఆ అమ్మాయి దాన్ని ఉన్నదున్నట్టు చదువుతుంది. చదువుల పట్టిక, ఉద్యోగాల పట్టిక, పురస్కారాల పట్టిక వరుసగా వినిపిస్తాయి, పిల్లలు పక్కవాళ్ళతో మాటల్లో పడతారు, ఆ గోలలోనే అతిథి మైకు దగ్గరికి వస్తారు. పరిచయం చేసే పని నిజానికి ఒక్కటే: ఈ సభలో, ఈ రోజు, ఈ వ్యక్తి మాట ఎందుకు వినాలో అతిథి లేచేలోగా పిల్లలకు తెలియజేయడం. ఇరవై ఏళ్ళుగా తెలుగు ఉపాధ్యాయుడిగా పిల్లల చేత సభలు నిర్వహింపజేస్తూ నేను నేర్చుకున్న పద్ధతిని ఒక ఉదాహరణ మీద నడిపించి ఇక్కడ చెబుతాను.

ఉదాహరణ ఇలా అనుకుందాం. గోదావరి డెల్టాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. ఫిబ్రవరి 28న జాతీయ విజ్ఞాన దినోత్సవం జరుపుతున్నారు. మార్టేరు వరి పరిశోధనా స్థానం నుంచి ఒక మహిళా శాస్త్రవేత్త ముఖ్య అతిథిగా వస్తున్నారు. వ్యాఖ్యాత పదో తరగతి అమ్మాయి. ఎదురుగా కూర్చునే పిల్లల్లో ఎక్కువమంది వరి పండించే ఇళ్ళ నుంచి వచ్చినవారే.

ఆహ్వానం వేరు, పరిచయం వేరు

కాగితం పట్టుకునే ముందు సభ క్రమాన్ని ఉపాధ్యాయులతో కూర్చుని రాసుకోవాలి. మన పాఠశాలల్లో ఆ క్రమం దాదాపు ఒకేలా ఉంటుంది. ముందు పెద్దలను వేదిక మీదికి ఆహ్వానిస్తారు, తర్వాత జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన గీతం, స్వాగతం, అధ్యక్షుల తొలిపలుకులు ఉంటాయి, ఆ తర్వాత అతిథి ప్రసంగం, సన్మానం, బహుమతి ప్రదానం, చివర వందన సమర్పణ. వ్యాఖ్యాత అతిథి పేరును ఇందులో రెండుసార్లు పలకవలసి వస్తుంది. మొదటిసారి వేదిక మీదికి పిలిచేటప్పుడు, రెండోసారి ప్రసంగానికి ముందు. ఈ రెండు సందర్భాలను కలిపేయడమే నేను ఎక్కువగా చూసిన పొరపాటు.

వేదిక మీదికి పిలిచేటప్పుడు అతిథి కింద నిలబడి ఉంటారు, పుష్పగుచ్ఛం పట్టుకున్న పిల్లలు పక్కనే ఎదురు చూస్తుంటారు, ఫోటో తీసేవారు అటూ ఇటూ తిరుగుతుంటారు. అప్పుడు పరిచయం మొదలుపెడితే ఎవరి చెవికీ ఎక్కదు, అతిథి మెట్ల దగ్గర ఇబ్బందిగా నిలబడిపోతారు. ఆ సమయంలో పేరు, హోదా చెప్పి ఆహ్వానిస్తే చాలు, ఒక్క వాక్యం సరిపోతుంది. "ఈ నాటి మన ముఖ్య అతిథి, మార్టేరు వరి పరిశోధనా స్థానం ప్రధాన శాస్త్రవేత్త, డాక్టర్ ……… గారిని వేదిక మీదికి సాదరంగా ఆహ్వానిస్తున్నాము." అసలు పరిచయాన్ని అందరూ కూర్చున్నాక, అధ్యక్షుల మాట ముగిశాక, అతిథి ప్రసంగానికి సరిగ్గా ముందు ఉంచాలి. పరిచయానికీ ప్రసంగానికీ మధ్య పాటో నృత్యమో పెడితే, చెప్పినదంతా ఆ పాటతోనే పోతుంది. కార్యక్రమ పట్టికలో అలా రాసి ఉంటే ముందుగానే ఉపాధ్యాయులకు చెప్పి మార్పించుకోవడం మంచిది.

వివరాలు అడిగి తెలుసుకోవడం

బయోడేటా ఉద్యోగ దరఖాస్తు కోసమో పదోన్నతి కోసమో రాసుకున్న కాగితం కాబట్టి, పిల్లలకు కావలసినది అందులో దాదాపు ఉండదు. సభకు నాలుగైదు రోజుల ముందు ఉపాధ్యాయుల ద్వారా అతిథికి ఫోన్ చేయించి, వ్యాఖ్యాతే స్వయంగా ఐదు నిమిషాలు మాట్లాడడం మేలు. చాలామంది అతిథులు ఇందుకు సంతోషిస్తారు, ఎందుకంటే తమ గురించి ఏం చెప్పబోతున్నారో వాళ్ళకూ ముందుగా తెలుస్తుంది. "నమస్కారం మేడమ్, విజ్ఞాన దినోత్సవం సభలో మిమ్మల్ని పరిచయం చేయబోయేది నేనే, నాలుగు సంగతులు అడగవచ్చా" అని మొదలుపెడితే చాలు.

మొట్టమొదట పేరు అడగాలి. కాగితం మీద పేరు ఇంగ్లీషులో ఉంటే అది ళకారమో లకారమో, దీర్ఘమో హ్రస్వమో తెలియదు, ఇంటి పేరు విషయంలో ఈ చిక్కు మరీ ఎక్కువ. "మీ పేరు తెలుగులో ఎలా రాస్తారు మేడమ్, సభలో ఇంటి పేరుతో కలిపి చెప్పమంటారా" అని అడిగి, వాళ్ళు చెప్పగానే తిరిగి పలికి వినిపించాలి. తర్వాత ప్రస్తుత హోదా అడగాలి. పదోన్నతి వచ్చినా బదిలీ అయినా పదవీ విరమణ చేసినా పాత కాగితంలో అవి కనిపించవు. మా దగ్గర ఒక సభలో నా విద్యార్థిని పాత ఫ్లెక్సీ మీది హోదాను చదివింది. ఆ అతిథి పదోన్నతి పొంది అప్పటికి రెండేళ్ళు దాటింది. ఆయన ఏమీ అనలేదు కానీ, మైకు అందుకోగానే తన హోదా తానే చెప్పుకోవలసి వచ్చింది. ఆ తప్పు అమ్మాయిది కాదు, అడిగి సరిచూసుకొమ్మని చెప్పని నాది.

ఇక అసలు విషయానికి వస్తే, "మీరు ఏం పరిశోధన చేస్తారు" అని అడిగితే పరిశోధన పత్రం శీర్షికలాంటి జవాబు వస్తుంది. "ఇప్పుడు రోజూ చేసే పనిలో ఒక రోజు ఎలా గడుస్తుంది మేడమ్" అని అడిగితే కళ్ళకు కట్టే జవాబు వస్తుంది. మన ఉదాహరణలో ఆమె ఇలా చెప్పారనుకుందాం: "నీళ్ళు నిలబెట్టిన మడిలో వరిని కావాలనే ముంచుతామమ్మా. నీళ్ళు తీశాక ఏ మొక్క బతికిందో ఒక్కొక్కటీ చూసి లెక్క రాస్తాం. వందల మొక్కల్లో ఒకటి రెండే బతికిన ఏళ్ళూ ఉన్నాయి." పరిచయానికి కావలసిన ముడిసరుకు ఇదే, ఇది ఏ బయోడేటాలోనూ దొరకదు. చివరగా ప్రసంగాంశం, అది ఎంతసేపు ఉంటుందనే సంగతి అడిగి తెలుసుకోవాలి.

సొంత జీవితానికి సంబంధించిన సంగతి ఏదైనా వాళ్ళే చెబితే, "ఇది సభలో చెప్పవచ్చా మేడమ్" అని తప్పకుండా అడగాలి. పేదరికంలో పెరిగారనో, చిన్నతనంలో తండ్రి పోయారనో వేదిక మీద చెబితే సభ కరిగిపోతుందని మనవాళ్ళు అనుకుంటారు. అదే వేదిక మీద కూర్చుని తన కష్టం ఇంకొకరి నోట వినవలసి రావడం అందరికీ ఇష్టంగా ఉండదు. వాళ్ళు ఒప్పుకుంటేనే అది పరిచయంలోకి రావాలి.

ఒక్క పనిని ఎంచుకోవడం

ఇప్పుడు వ్యాఖ్యాత దగ్గర ఇరవై సంగతులు ఉన్నాయి. బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదువు, ఆ పైన డాక్టరేటు, పద్ధెనిమిదేళ్ళ ఉద్యోగం, పరిశోధన పత్రాల సంఖ్య, హాజరైన సదస్సులు, రెండు పురస్కారాలు, జిల్లా పరిషత్ పాఠశాలలో చదివిన సంగతి, మడిలో ముంచిన వరి. ఇవన్నీ చెబితే వినేవారికి ఒక్కటీ మిగలదు. కాగితం మీద ఉన్నదాన్ని వెనక్కి వెళ్ళి చదువుకోవచ్చు, చెవిన పడిన మాటకు ఆ వీలు లేదు కాబట్టి అతిథి చేసిన ఒక్క పని పిల్లల మనసులో నిలిస్తే పరిచయం నెరవేరినట్టే.

ఆ ఒక్కదాన్ని ఎంచడానికి నేను పిల్లలకు చెప్పే పరీక్ష సులభమైనది. తమ దగ్గరున్న ప్రతి సంగతినీ ఆరో తరగతి చదివే తమ్ముడికో చెల్లికో చెప్పి చూడాలి. "ఆమె ముప్పై పత్రాలు ప్రచురించారు" అంటే తమ్ముడు ఏమీ అడగడు. "ఆమె వరిని కావాలనే నీళ్ళలో ముంచుతారు" అంటే "ఎందుకు?" అని అడుగుతాడు. ఆ ప్రశ్న ఎక్కడ పుట్టిందో అక్కడే పరిచయం ఉంది. నాట్లు వేసిన చేను మునిగి కుళ్ళిపోవడం ఆ ఊరి పిల్లలు కళ్ళారా చూసిన విషయం కాబట్టి, ఈ ప్రశ్న వాళ్ళ ఇంటి ప్రశ్న కూడా అవుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. అతిథి పని చేసే సంస్థ సాధించినదాన్ని అతిథికి అంటగట్టకూడదు. మార్టేరు అనగానే ఎవరికైనా స్వర్ణ వరి గుర్తుకు వస్తుంది. ఆ రకం 1982లో విడుదలైంది, మన రాష్ట్రం దాటి ఒడిశా, పశ్చిమ బెంగాల్, ఛత్తీస్‌గఢ్ పొలాలకూ వెళ్ళింది. ఉత్సాహంలో ఉన్న వ్యాఖ్యాత "స్వర్ణ వరిని మనకు అందించిన శాస్త్రవేత్త" అనేస్తుంది. అప్పటికి మన అతిథి బడికి వెళ్ళే వయసులో ఉండి ఉంటారు. అలా అంటే చప్పట్లు మోగుతాయి, అతిథి లేవగానే "అది నేను చేసినది కాదమ్మా, మా కంటే ముందు తరం వారిది" అని సరిదిద్దవలసి వస్తుంది, మాట్లాడిన అమ్మాయి ముఖం చిన్నబోతుంది. అలాగే వంగడాల పని ఒక్కరి చేతి మీదుగా జరిగేది కాదు. "కనిపెట్టారు" అనే చోట "పరిశోధిస్తున్న బృందంలో ఒకరు" అనడం నిజానికి దగ్గరగా ఉంటుంది, అతిథికి గౌరవం కూడా అందులోనే ఉంది. సందేహం ఉన్న వాక్యాన్ని ఫోన్‌లో అతిథికే చదివి వినిపించి ఒప్పించుకోవాలి.

మాటను పేర్చడం

మొదటి చిత్తు ప్రతి ఎలా వస్తుందో నాకు తెలుసు కాబట్టి దాన్ని ముందు చూద్దాం.

"ఇక పరిచయం అక్కరలేని మహోన్నత వ్యక్తి, వారిని పరిచయం చేయడం సూర్యునికి దివిటీ చూపడమే అవుతుంది, బాపట్ల వ్యవసాయ కళాశాలలో పట్టభద్రులై, అనంతరం డాక్టరేటు పొంది, అనేక జాతీయ అంతర్జాతీయ సదస్సులలో పాల్గొని, ఎన్నో పరిశోధన పత్రాలను ప్రచురించి, పలు పురస్కారాలను అందుకొని, ప్రస్తుతం మార్టేరు వరి పరిశోధనా స్థానంలో ప్రధాన శాస్త్రవేత్తగా విశిష్ట సేవలందిస్తున్న బహుముఖ ప్రజ్ఞాశాలి డాక్టర్ ……… గారిని రెండు మాటలు మాట్లాడవలసిందిగా సవినయంగా కోరుతున్నాను."

ఇందులో పరిచయం అక్కరలేదంటూనే పరిచయం చేస్తున్నాం. నిజానికి ఎదురుగా ఉన్న పిల్లల్లో ఆమెను ఎరిగినవారు ఒక్కరూ లేరు. "మహోన్నత", "బహుముఖ ప్రజ్ఞాశాలి", "విశిష్ట సేవలు" అనే మాటలను తీసి రేపు వచ్చే తహసీల్దారు గారికి తగిలించినా సరిపోతాయి, అంటే అవి ఈమె గురించి ఏమీ చెప్పడం లేదు. అరగంట ప్రసంగం సిద్ధం చేసుకుని నలభై కిలోమీటర్లు వచ్చిన మనిషిని "రెండు మాటలు" అడగడం వినయంగా వినిపించినా, వారి శ్రమను తగ్గించి పలకడమే.

అన్నిటికంటే పెద్ద చిక్కు వాక్యం కట్టులో ఉంది. తెలుగులో పేరుకు ముందు విశేషణాలను ఎన్నయినా గుచ్చవచ్చు: పట్టభద్రులై, పొంది, పాల్గొని, ప్రచురించి, అందుకొని, సేవలందిస్తున్న. రాసేవారికి ఇది హాయిగా ఉంటుంది. వినేవారు మాత్రం ఎవరి గురించో తెలియకుండానే ఈ బరువంతా మోస్తూ చివరిదాకా ఆగాలి, చదివే అమ్మాయికి ఊపిరి తీసుకునే చోటు కూడా దొరకదు. అందుకే నేను పెట్టుకున్న నియమం ఏమిటంటే, ఒక వాక్యంలో ఒకే సంగతి చెప్పాలి, దాన్ని పూర్తి క్రియతో ముగించాలి. "చదివారు." "పనిచేస్తున్నారు." "ముంచుతారు." అక్కడ ఆగి ఊపిరి తీసుకోవచ్చు, వినేవారు కూడా ఆ సంగతిని అందుకుంటారు. అతిథి విషయంలో క్రియలన్నీ గౌరవ బహువచనంలోనే ఉండేలా సరిచూడాలి. "ఆమె చెప్పింది" అని ఒక్కచోట జారినా సభలో పెద్దవాళ్ళ చెవికి అదే తగులుతుంది. "వారు చెప్పారు" అని రాసుకుంటే ఆ ప్రమాదం ఉండదు.

వరుస విషయానికి వస్తే, పిల్లలకు తెలిసినదానితో మొదలుపెట్టి, అక్కడి నుంచి అతిథి పనికి, ఆ పని నుంచి ఈ రోజు ప్రసంగాంశానికి వచ్చి, పేరుతో ముగించాలి. పేరు చివర రావడానికి కారణం ఉంది: పేరు వినగానే చప్పట్లు వస్తాయి, చప్పట్లు వచ్చాక చెప్పేది ఎవరికీ వినబడదు. అతిథి కూడా పేరు విని లేస్తారు, ఇంకా పరిచయం సాగుతుంటే నిలబడాలో కూర్చోవాలో తెలియక తటపటాయిస్తారు.

మన ఉదాహరణకు తుది రూపం ఇది.

"ఇప్పుడు మన ముఖ్య అతిథి గారిని మీకు పరిచయం చేస్తాను.

మన ఇళ్ళలో వరి విత్తనాల బస్తా చూడనివారు ఉండరు. చాలా బస్తాల మీద ఎం.టి.యు. అనే మూడు అక్షరాలు కనిపిస్తాయి. ఆ అక్షరాలు మార్టేరు ఊరి పేరు నుంచి వచ్చాయి. అక్కడి వరి పరిశోధనా స్థానంలో పుట్టిన రకాలకు ఆ గుర్తు పెడతారు. మన పెద్దవాళ్ళు సార్వాలో వేసే స్వర్ణ కూడా అక్కడ పుట్టినదే.

ఆ పరిశోధనా స్థానంలో మన అతిథి గారు పద్ధెనిమిదేళ్ళుగా పనిచేస్తున్నారు. నాట్లు వేసిన చేను మునిగితే ఏమవుతుందో మనం చూశాం. మునిగినా మళ్ళీ తేరుకునే వరి కోసం పరిశోధిస్తున్న బృందంలో వారు ఒకరు. అందుకోసం వారు వరిని కావాలనే నీళ్ళలో ముంచుతారు. నీళ్ళు తీసేశాక, ఏ మొక్క బతికిందో ఒక్కొక్కటీ చూసి లెక్క రాస్తారు. వందల మొక్కల్లో ఒకటి రెండే బతికిన ఏళ్ళు కూడా ఉన్నాయని వారు నాతో చెప్పారు.

వారు చదువుకున్నది మనలాంటి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలోనే. ఆ తర్వాత బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదివారు.

బతికిన ఆ ఒక్క మొక్క విత్తనం మన పొలం దాకా ఎలా వస్తుందో ఈ రోజు వారే మనకు చెబుతారు. మార్టేరు వరి పరిశోధనా స్థానం ప్రధాన శాస్త్రవేత్త, డాక్టర్ ……… గారు."

ఇందులో లేనివాటి గురించి కూడా చెప్పాలి. విజ్ఞాన దినోత్సవం కాబట్టి చాలామంది పిల్లలు సర్ సి.వి. రామన్‌తో మొదలుపెడతారు. 1928 ఫిబ్రవరి 28న రామన్ ఫలితం వెలువడిందనీ, 1987 నుంచి ఆ రోజును జాతీయ విజ్ఞాన దినోత్సవంగా జరుపుతున్నారనీ చెప్పవలసిన చోటు సభ ప్రారంభంలో ఉంది, అది అప్పుడే చెప్పేయాలి. పరిచయంలో మళ్ళీ వస్తే పిల్లల దృష్టి వేదిక మీద ఉన్న శాస్త్రవేత్త నుంచి పక్కకు పోతుంది. పురస్కారాలను కూడా నేను వదిలేశాను. అతిథికి అవి చెప్పాలని ఉంటే, లేదా ప్రధానోపాధ్యాయులు చెప్పి తీరాలంటే, పేరుకు ముందు ఒక పెద్ద పురస్కారాన్ని మాత్రమే, అది ఏ పనికి వచ్చిందో కలిపి చెప్పాలి. ప్రసంగాంశం చెప్పినప్పుడు అందులో అతిథి చెప్పబోయే సంగతులను ముందే విప్పకుండా చూసుకోవాలి. "విత్తనం ఎలా వస్తుందో వారే చెబుతారు" అని ఆపేయడం అందుకే.

మార్టేరుకు దూరంగా ఉన్న ఊరి పిల్లలకు ఎం.టి.యు. అనే అక్షరాలతో పని ఉండకపోవచ్చు. బాపట్ల పరిశోధనా స్థానం రకాలకు బి.పి.టి. అనీ, జగిత్యాల రకాలకు జె.జి.ఎల్. అనీ, నెల్లూరు రకాలకు ఎన్.ఎల్.ఆర్. అనీ గుర్తులు ఉంటాయి. మీ ఊరి బస్తా మీద ఏముందో ఇంటికి వెళ్ళి చూసి రాసుకోవాలి. అతిథి డాక్టరో పోలీసు అధికారో అయితే ఆ బస్తా స్థానంలో మీ ఊరి ఆసుపత్రి వరండానో, బడి ముందున్న రోడ్డు మలుపో వస్తుంది.

కాగితం, గొంతు, మైకు

పై పాఠాన్ని గట్టిగా, నిదానంగా చదివితే సుమారు నిమిషంన్నర పడుతుంది. మైకులో నిమిషానికి ఎనభై తొంభై మాటల కంటే ఎక్కువ పలికితే తెలుగు అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడి వెనక వరుసలకు అందవు. గడియారం పెట్టుకుని చదివి, రెండు నిమిషాలు దాటితే ఒక సంగతిని పూర్తిగా తీసేయాలి. వేగం పెంచి ఇమడ్చడం మాత్రం చేయకూడదు.

కాగితం సగం నోటుపుస్తకం పేజీ అంత మందపాటి అట్టగా ఉంటే చేతిలో వణకదు, గాలికి చప్పుడు చేయదు. ఒక్కో వాక్యం కొత్త వరుసలో, పెద్ద అక్షరాలతో ఉండాలి. అంకెలను పలికే తీరులో అక్షరాల్లో రాసుకోవాలి, ఎందుకంటే "18" కంటికి కనబడిన క్షణంలో కొందరు పిల్లలు "ఎయిటీన్" అనేస్తారు. అతిథి పేరు, హోదా చివరి వరుసలో విడిగా, అన్నిటికంటే పెద్దగా ఉండాలి. కంగారులో మనిషి మరిచిపోయేది తెలిసిన పేర్లనే కాబట్టి, కంఠస్థం వచ్చినా ఆ వరుసను చూసే పలకమని నేను చెబుతాను. ఫోన్ తెర చూసి చదవడం వద్దు. తెర ఆరిపోతుంది, ఎండలో కనబడదు, చదివే పిల్ల తల పూర్తిగా కిందికి దిగిపోతుంది.

"పరిశోధనా స్థానం", "ప్రధాన శాస్త్రవేత్త" వంటి మాటలు రాతలో ఇబ్బంది పెట్టవు కానీ నోట చిక్కుతాయి. వాటిని "పరిశోధనా / స్థానం", "ప్రధాన / శాస్త్ర / వేత్త" అని విడగొట్టి పదిసార్లు పలికి, తర్వాత కలపాలి. అప్పటికీ తడబడుతుంటే మాటనే మార్చేయాలి, హోదా ఒక్కటి తప్ప మిగతా ఏ మాటా మార్చకూడనిది కాదు.

మైకు నోటికి జానెడు లోపు దూరంలో, కొద్దిగా పక్కకు వంచి ఉంటే ప, భ అక్షరాల దగ్గర "ఢబ్" మనే చప్పుడు రాదు. అంతకు ముందు మాట్లాడిన ప్రధానోపాధ్యాయుల ఎత్తుకు ఉన్న స్టాండును మాట మొదలుపెట్టకముందే దించుకోవాలి, మెడ చాచి మాట్లాడితే గొంతు బిగుస్తుంది. మైకు కీచుమని అరిస్తే చేత్తో మూయకూడదు, అలా మూస్తే అరుపు పెరుగుతుంది. సౌండ్ బాక్సుకు ఎదురుగా ఉన్నామేమో చూసి, ఒక అడుగు వెనక్కి జరిగితే చాలా సార్లు ఆగిపోతుంది. "హలో, హలో, మైక్ టెస్టింగ్" అనే పని పిల్లలు వచ్చి కూర్చోకముందే ముగియాలి.

పరిచయం చేస్తున్నంతసేపు చూపు పిల్లల మీదే ఉండాలి, ఎందుకంటే చెబుతున్నది వాళ్ళకే. చివరి వరుసలో పేరు దగ్గర మాత్రం అతిథి వైపు తిరగాలి. పలుకుతూనే తిరిగితే, మైకు మనతోపాటు తిరగదు, పేరే వినబడకుండా పోతుంది కాబట్టి, ముందు పేరు పలికి ఆ తర్వాత తల తిప్పాలి.

అనుకున్నట్టు జరగనప్పుడు

అధ్యక్షులు తమ తొలిపలుకుల్లోనే అతిథి గురించి అంతా చెప్పేయడం తరచుగా జరుగుతుంది. దీనికి మందు ముందు రోజే ఉంది: పరిచయం ప్రతిని ప్రధానోపాధ్యాయులకు చూపించి, "సార్, ఈ మడి సంగతి నేను చెబుతాను" అని అడిగి పెట్టుకోవాలి. అప్పటికీ చెప్పేస్తే, ఆ వాక్యాలను దాటేసి బస్తా దగ్గర మొదలుపెట్టి నేరుగా ప్రసంగాంశానికి రావచ్చు. నలభై సెకన్లలో ముగిసినా అది పూర్తి పరిచయమే.

అతిథి ఆలస్యమైతే కార్యక్రమాలు ముందుకు జరుగుతాయి. అప్పుడు వారు రాగానే హడావుడిగా పరిచయం చేయకుండా, వేదిక మీద కూర్చుని మంచినీళ్ళు తాగేంతవరకు ఆగాలి. చివరి క్షణంలో అతిథి రాలేక వారి బదులు సహోద్యోగి వస్తే, రాసుకున్న కాగితాన్ని పేరు మార్చి చదవడం చాలా పెద్ద తప్పు. బస్తా, మార్టేరు వాక్యాలు అలాగే ఉంచుకోవచ్చు, అవి ఊరి గురించినవి. మిగతాది కొట్టేసి, వచ్చినవారి దగ్గరికి వెళ్ళి పేరు, హోదా, ఒక్క పని అడిగి ఆ మూడూ రాసుకోవాలి. రెండు నిమిషాలు చాలు.

పేరు తప్పు పలికితే ఆగి, "క్షమించాలి" అని ఒక్క మాట అని, సరైన పేరు మళ్ళీ నిదానంగా పలకాలి. తప్పు జరగనట్టు ముందుకు పోతే ఆ తప్పు పేరే సభలో మిగిలిపోతుంది, వందన సమర్పణ చేసే విద్యార్థి కూడా దాన్నే పలుకుతాడు.

పేరు పలికిన తర్వాత

చప్పట్లు తానే మొదలుపెట్టి, మైకు వదిలి ఒక పక్కకు తప్పుకోవాలి. అతిథి చెయ్యి మైకు మీద పడేదాకా అక్కడే ఉంటే, స్టాండు ఎత్తు సరిచేయడానికి సాయపడవచ్చు. ఆ తర్వాత తన కుర్చీకి వెళ్ళి, అట్ట వెనక వైపు తెరిచి, పెన్ను పట్టుకుని కూర్చోవాలి. ప్రసంగం ముగిశాక వ్యాఖ్యాత మళ్ళీ లేస్తుంది. "అమూల్యమైన సందేశం అందించినందుకు" అనే మాట అప్పుడు అందరి నోటా వచ్చేదే. అతిథి ప్రసంగంలో నుంచి రాసుకున్న ఒక సంగతిని తిరిగి చెబితే, వేదిక మీద ఉన్నవారికి తమ మాట అందిందని తెలుస్తుంది. ఉదాహరణకు: "ఒక రకం రైతు చేతికి రావడానికి పదేళ్ళకు పైగా పడుతుందని చెప్పారు మేడమ్, ఇకపై మా ఇంట్లో విత్తనాల బస్తా విప్పేటప్పుడు అది గుర్తుంటుంది. ధన్యవాదాలు." ఆ వాక్యాన్ని ముందుగా ఇంట్లో రాసుకుని రావడం కుదరదు, ప్రసంగం వింటూనే అట్ట వెనక రాసుకోవాలి.